బాలసారెకి కొన్న మస్లిన్ జుబ్బాలు, ఏడాదిన్నర వాడాక

మా చెల్లి కొడుకు జనవరిలో పుట్టాడు. పురుడు విజయవాడలో మా అమ్మ వాళ్ళింట్లోనే, ఐదో నెల దాకా ఇక్కడే ఉన్నారు, కాబట్టి నేను కొన్న బట్టలు నేనే ఉతికాను, నేనే తొడిగాను, ఆ తర్వాత కూడా వెళ్ళినప్పుడల్లా చూస్తూనే ఉన్నా. బాలసారెకి ఏం కొనాలో తెలీని వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా.

నేను కొన్నవి రెండు పొరల మస్లిన్ జుబ్బాలు ఆరు. షాపులో అమ్మాయి "ఇప్పుడే పుట్టాడు కదా మేడమ్, 0-3 నెలల సైజు తీసుకోండి" అంది. నేను మాత్రం వేళ్ళ మీద లెక్కేశా, ఫంక్షన్ ఫిబ్రవరిలో, అప్పటికే చుట్టాలందరూ తెచ్చేది 0-3 నే, ఎండలు ముదిరేసరికి వీడికి మూడు నెలలు దాటతాయి, అంటే మనం ఇచ్చే బట్ట ఏప్రిల్, మే నెలల్లో ఒంటి మీద ఉండాలి. అందుకే 0-3 ఒక్కటే తీసుకుని 3-6 మూడు, 6-9 రెండు కొన్నా, అన్నీ చేతుల్లేనివే. చెప్పాలంటే ఆ 0-3 మార్చి మధ్యకల్లా పట్టలేదు. ఫంక్షన్‌లో వచ్చిన పొడుగు చేతుల సూట్లు అయితే రెండు సార్లు కూడా వేయకుండానే అటకెక్కాయి, అవి ఎండాకాలం తర్వాత వేద్దామంటే సైజు దాటిపోయింది. చలికాలం బట్ట కొనేటప్పుడు కూడా ఇదే లెక్క, చలి వచ్చేనాటికి బిడ్డకి ఎన్ని నెలలో చూసుకోవాలి.

ఇంకోటి, మస్లిన్ కుంచించుకుపోతుంది. 3-6 జుబ్బా కొన్నప్పుడు టేపు పెట్టి చూస్తే పొడుగు 14 అంగుళాలు, రెండు ఉతుకులకి 13 అయింది, అక్కడ ఆగిపోయింది. కాబట్టి సరిగ్గా సరిపోయేది కొంటే తక్కువైపోతుంది. సైజు అయిపోయిందని పొడుగు చూసి తెలీదు, జుబ్బా మోకాళ్ళ దగ్గర్నుంచి నడుం దాకా వచ్చినా చొక్కాలా వేసుకోవచ్చు. చూడాల్సింది చంక. విప్పాక చంక మడతలో కుట్టు అచ్చు ఎర్రగా కనబడిందంటే ఆ బట్ట పని ఇక అయిపోయినట్టే. పక్కన ముడేసుకునే జుబ్బాలకి ఛాతీ దగ్గర వదులు చేసుకునే వీలుంటుంది గనక మావి నెల, నెలన్నర ఎక్కువే వచ్చాయి.

గుడ్డ సంగతికొస్తే, మే నెలలో కరెంటు పోయినప్పుడు తేడా తెలిసింది. ఎవరో ఇచ్చిన మెరుపు గౌనులాంటి డ్రెస్సు ఒకటి, పైన కాటనే, చెయ్యి పెట్టి చూస్తే లోపల లైనింగు జారుడుగా పాలిస్టరు. అరగంట వేస్తే వీపంతా తడి, మెడ వెనక చెమటకాయలు. మస్లిన్ కూడా తడుస్తుంది కానీ ఒంటికి అతుక్కోదు, గాలి తగలగానే ఆరిపోతుంది. కొనేటప్పుడు బట్ట తిరగేసి లోపలి వైపు చూడండి, ఒక పొర తీసి వెలుతురుకి పెడితే నేత మధ్య సన్నటి సందులు కనబడాలి. లోపల కుట్టిన ట్యాగు మెడ దగ్గర గరుగ్గా ఉంటే కుట్టు విప్పి తీసేయండి, కత్తిరిస్తే మిగిలిన ముక్క ఇంకా గుచ్చుకుంటుంది.

ఇక నన్ను భయపెట్టింది పూసలు. ఆ మెరుపు డ్రెస్సుకి ముందు ముత్యాల్లాంటి పూసలు ఉండేవి. ఆరో నెలలో చెల్లి వీడియో కాల్‌లో వాడి పిడికిలి విప్పి చూపించింది, లోపల ఒక పూస, దాని వెంట దారం ముక్క. ఆ వయసులో చేతికి దొరికింది నేరుగా నోట్లోకే కదా, నాకు గుండె ఆగినంత పనైంది. అప్పట్నుంచి పూసలు, అతికించిన రాళ్ళు, మెడ దగ్గర పొడుగు తాళ్ళు ఉన్నవి ఎవరికీ కొనను. పిన్నీసు పెట్టే పని ఉన్న బట్ట అసలే వద్దు.

నా జుబ్బాల్లో కూడా లోపం ఉంది. ఆరింటిలో రెండు టిచ్ బటన్లవి, మిగతావి నాడాలవి. టిచ్ బటన్ల వాటిలో ఒకదానికి మూడో నెలలో బటన్ గుడ్డతో సహా ఊడొచ్చింది, చూస్తే వెనక పట్టీ లేదు, పల్చటి మస్లిన్‌కే నేరుగా కొట్టేశారు. రెండోదానికి వెనక మందం పట్టీ ఉంది, అది ఇప్పటికీ గట్టిగానే ఉంది. కొనేముందు బటన్ దగ్గర లోపలికి తిప్పి పట్టీ ఉందో లేదో చూసి, నాలుగైదు సార్లు తీసి పెట్టి, వేలితో లాగి చూడండి. నాడాలవి అయితే ముడేశాక మిగిలే కొస వేలి పొడుగు మించకుండా కత్తిరించి చివర మడిచి కుట్టేశా, మడవకపోతే దారాలు లేచి చిన్న వేళ్ళకి చుట్టుకుంటాయి.

ఇప్పుడు వాడికి ఏడాదిన్నర. 6-9 జుబ్బాలు రెండూ మెత్తబడ్డాయి తప్ప చిరగలేదు, మొన్నే చెల్లి ఉతికి మడతపెట్టి మా ఆడపడుచు కూతురి పురిటికి పంపింది, ఆ పుట్టబోయే బిడ్డకి కూడా ఎండాకాలానికి ఏడో నెల వస్తుంది.