టవల్స్‌కి సాఫ్ట్‌నర్ వేయాలా, వద్దా?

ఒకే సెట్‌లో రెండు టవల్స్ ఉంటే ఒకటి సాఫ్ట్‌నర్ వేసి, ఇంకోటి వేయకుండా ఓ పది ఉతుకులు ఉతికి చూడండి. సాఫ్ట్‌నర్ వేసింది చేతికి మెత్తగానే ఉంటుంది, వాసన కూడా బాగుంటుంది, కానీ దానిమీద నీటి చుక్క వేస్తే వెంటనే ఇంకకుండా కాసేపు పూసలా నిలబడొచ్చు. ఎందుకంటే సాఫ్ట్‌నర్ అంటే చివరి నీళ్లలో దారాలకి అంటుకునే కొవ్వులాంటి పూత, అది మురికిని ఏమీ తీయదు, ఉతికిన కొద్దీ పేరుకుంటూ పోతుంది. వేయని టవల్ కొంచెం గరుకే, కాకపోతే ఒంటి మీద నీళ్లు చటుక్కున పీల్చేస్తుంది, టవల్‌కి కావాల్సింది అదే కదా! ఆరేసే ముందు, ఆరాక గట్టిగా దులిపితే ఆ గరుకు కూడా చాలావరకు పోతుంది.

జిమ్ బట్టల్లో అయితే నాకు అస్సలు డౌట్ లేదు, వద్దు. పాలిస్టర్ టీషర్ట్ చెమటని బయటికి లాగి ఆరబెట్టాలి, పూత పడితే ఆ పని మందగిస్తుంది, పైగా చెమట జిడ్డు లోపలే ఉండిపోయి ఉతికిన బట్టే వేసుకున్న పది నిమిషాలకి కంపు కొడుతుంది.

ఇప్పటికే పూత పట్టిన కాటన్ టవల్స్‌ని లేబుల్ ఒప్పుకుంటే 60 డిగ్రీల నీళ్లలో, సాఫ్ట్‌నర్ లేకుండా మామూలు డిటర్జెంట్‌తో రెండు మూడుసార్లు ఉతికి మళ్లీ చుక్క వేసి చూడండి. సాఫ్ట్‌నర్ వాడాలనే ఉంటే డ్రయర్‌లో స్టాటిక్ కరెంట్ పట్టి చిటపటలాడే మామూలు సింథటిక్ బట్టలకి వాడుకోండి, అక్కడ నిజంగానే పనికొస్తుంది.