నాలుగేళ్లు పాటలు, మీమ్‌లు పంపి చూశాక

లింక్ ఎలా పంపాలో, మీమ్‌లు ఎక్కడ దొరుకుతాయో చెప్పి మీ టైమ్ తినను. నేను రాసేది ఒక్క అలవాటు గురించే. చాట్‌లో మాట ముందుకు కదలనప్పుడు మధ్యలో ఒక పాటో, మీమో, లింకో పెట్టి, దాని మీదుగా అసలు మాటల్లోకి వెళ్లడం. నాలుగేళ్లుగా వాడుతున్నాను. మొదటి రెండేళ్లు కనిపించిన ప్రతివాళ్లకీ దీని గురించి చెప్పి విసిగించాను. ఆ పొగడ్తల్లో కొన్నింటిని ఇప్పుడు వెనక్కి తీసుకోవాల్సి వస్తోంది. అది తర్వాత.

నాకు బాగా నచ్చింది, ఇప్పటికీ నచ్చుతున్నది ఒకటుంది. పాట మొత్తం పంపకుండా, అందులో ఫలానా చోటు చూపించి పంపడం.

పాత ఆఫీసులో నా పక్క సీటు స్నేహితుడు ఒకడున్నాడు. వాడు ఉద్యోగం మారాక మా చాట్ ఎలా తయారైందంటే, "ఎలా ఉన్నావ్ రా", "బాగున్నా, నువ్వు?", "నడుస్తోంది". పది రోజులకోసారి ఇవే మూడు ముక్కలు. పైకి స్క్రోల్ చేస్తే ఒకే పేజీని జిరాక్స్ తీసి అతికించినట్టు ఉండేది. మధ్యమధ్యలో నేను పాటల లింకులు పంపేవాణ్ని. వాడు బొటనవేలు పెట్టేవాడు. విన్నాడో లేదో ఆ బొటనవేలికే తెలియాలి.

ఒక రాత్రి ఒక పాత పాట వింటున్నాను. 2 నిమిషాల 14 సెకన్ల దగ్గర వాద్యాలన్నీ ఆగిపోతాయి. చరణం ఎత్తుకునే ముందు గాయని ఊపిరి తీసుకోవడం స్పష్టంగా వినిపిస్తుంది. రికార్డింగ్‌లో చూసుకోకుండా వదిలేశారో, కావాలనే ఉంచారో నాకు తెలియదు. ఆ ఒక్క చోటు కోసం మూడుసార్లు వెనక్కి తిప్పుకుని విన్నాను. అప్పుడు లింక్ చివర `?t=134` అని చేర్చి వాడికి పంపాను. యూట్యూబ్ లింక్‌కి ఇలా సెకన్లు తగిలిస్తే వీడియో నేరుగా అక్కణ్నుంచే మొదలవుతుంది. 2:14 అంటే 134 సెకన్లు. లింక్‌లో అప్పటికే ప్రశ్నార్థకం గుర్తు ఉంటే `&t=134` అని పెట్టాలి. నేను మొదట్లో అది తెలియక రెండు ప్రశ్నార్థకాలు పెట్టి, పాట మొదటి నుంచి ఎందుకు వస్తోందా అని తల బద్దలు కొట్టుకున్నాను. చోటుకి ఒకట్రెండు సెకన్ల ముందు నుంచి పెడితే ఇంకా నయం, చెవి సర్దుకోవడానికి వీలుంటుంది.

లింక్ కింద ఒక లైన్ రాశాను. "ఇక్కడ ఆవిడ ఊపిరి వినిపిస్తుంది. నాకెందుకో పాట కంటే అదే నచ్చింది. నీకు వినబడిందా?"

నాలుగు నిమిషాల్లో జవాబు వచ్చింది. "వినబడింది. మా అక్క కూడా పాడే ముందు ఇలాగే గట్టిగా ఊపిరి తీసుకునేది. నేను వెక్కిరించేవాణ్ని."

ఇక్కడ నేను దాదాపు పని చెడగొట్టాను. అలాంటి ఊపిరి ఉన్న ఇంకో పాట గుర్తొచ్చి, దాని లింక్ కాపీ కూడా చేసేశాను. పంపి ఉంటే వాడి అక్క అక్కడితో మాయమైపోయేది, మేమిద్దరం మళ్లీ పాటల దగ్గరికి వచ్చి పడేవాళ్లం. ఎందుకో ఆగి, "ఇప్పుడు పాడుతుందా?" అని అడిగాను. "మానేసింది. ఎందుకు మానేసిందో నేనెప్పుడూ అడగలేదు" అన్నాడు. ఆ తర్వాత నలభై నిమిషాలు రాసుకున్నాం. మూడేళ్లు పక్కపక్కన కూర్చున్నా, వాడికి ఒక అక్క ఉందని నాకు ఆ రాత్రే తెలిసింది.

ఇది ఎందుకు పనిచేసిందో తర్వాత ఆలోచిస్తే పెద్ద రహస్యమేమీ కనిపించలేదు. నాలుగు నిమిషాల పాట పంపితే అవతలివాళ్ల నెత్తిన ఒక పని పెట్టినట్టు. పది సెకన్లు ఎవరైనా వింటారు. పైగా "ఎలా ఉంది?" అంటే "సూపర్" తప్ప ఇంకేం చెప్తారు? ఊపిరి వినబడిందా అంటే చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది. నాకు నచ్చిందేదో ముందు నేనే చెప్పేశాను కాబట్టి, అది కొంచెం వింతగా ఉన్నా, వాడికి మొహమాటం పోయింది. ఇక "ఇప్పుడు పాడుతుందా" అన్న రెండో ప్రశ్న సంగతి. ఎదుటివాళ్లు చెప్పిన దాన్ని పట్టుకుని మళ్లీ అడిగేవాళ్లు ఎక్కువ నచ్చుతారని హార్వర్డ్ పరిశోధకులు 2017లో ఒక పేపర్ వేశారు. నేనది చదివింది ఈ సంఘటన అయిన చాలా కాలానికి. చదవగానే నాకు గుర్తొచ్చింది కాపీ చేసి పంపకుండా వదిలేసిన ఆ రెండో లింకే.

ఇంతవరకే రాసి ఆపేస్తే ఇది ఐదుకి ఐదు స్టార్ల రివ్యూ. ఆపేయలేను, ఎందుకంటే ఈ పద్ధతి నా చేతిలోనే ఘోరంగా ఫెయిలైంది. అదీ ఈ స్నేహితుడితోనే.

పంపడంలో నేను అంత ఆరితేరాను గానీ, వచ్చిన దాన్ని చదవడం నేర్చుకోలేదు. ఏడాదిన్నర క్రితం వాడు నాకొక మీమ్ పంపాడు. మంచం మీద కళ్లు తెరుచుకుని పడుకున్న మనిషి, కింద "రాత్రి మూడింటికి మీటింగ్ పెట్టిన నా బుర్ర". నేను పొద్దున లేచి చూసి రెండు పగలబడి నవ్వే బొమ్మలు పెట్టాను. రెండు రోజుల తర్వాత ఇంకొకటి. తిరుగుతున్న సీలింగ్ ఫ్యాన్, "ఇంట్లో మెలకువగా ఉన్నది మేమిద్దరమే". దానికి "నేనే ఇది" అని రాసి, ఆఫీసులో నిద్రపోతున్న పిల్లి మీమ్ ఒకటి బదులు పంపాను. మూడోది రెండు శాతం చార్జింగ్‌తో ఉన్న ఫోన్, "నేను, సోమవారం". దానికేం పెట్టానో చెప్పక్కర్లేదు. తర్వాత వాడి నుంచి మీమ్‌లు ఆగిపోయాయి. బిజీ అయ్యాడేమో అనుకున్నాను.

ఐదు వారాల తర్వాత, మా ఇద్దరికీ తెలిసిన ఒకాయన మాటల మధ్యలో చెప్పాడు, వాడి ఉద్యోగం పోయిందని. ఇంట్లో చెప్పలేక రోజూ బ్యాగ్ తగిలించుకుని బయటికి వెళ్లి సాయంత్రానికి తిరిగొస్తున్నాడని. వెంటనే ఫోన్ చేశాను. "నాకు ఒక్క మాట చెప్పలేదేంట్రా?" అన్నాను, కొంచెం కోపంగానే. వాడు మామూలుగా అన్నాడు, "చెప్పాను కదరా. నవ్వావు కదా."

ఆ రాత్రి చాట్ పైకి జరిపి చూశాను. వచ్చిన టైములు వరసగా 2:50, 3:10, 3:25. పక్కనే రాసి ఉన్నాయి. ఇంకొకటి, ఆ మూడింటి మీదా "ఫార్వార్డ్ చేసినది" అని చెప్పే చిన్న బాణం గుర్తు లేదు. వాట్సాప్‌లో ఒక చాట్ నుంచి ఇంకో చాట్‌కి దాటిస్తే ఆ గుర్తు పడుతుంది. అది లేదంటే గ్రూపులో వచ్చింది అలాగే తోసేయలేదు. ఎక్కడో చూసి, సేవ్ చేసుకుని, ఆ టైములో నన్ను వెతుక్కుని పంపాడు. అంతకుముందు వాడు పంపినవన్నీ మధ్యాహ్నం లంచ్ టైములో పంపిన క్రికెట్ జోకులే. టైము మారింది, సబ్జెక్టు మారింది, మూడుసార్లు అదే సంగతి తిరిగి వచ్చింది. ఇంతకంటే తిన్నగా ఎవరు చెప్తారు? "నేనే ఇది" అన్న నా జవాబు ఇప్పుడు చదువుతుంటే ఒళ్లు మండుతుంది. వాడు తన గురించి చెప్తుంటే, ఆ కుర్చీ లాక్కుని నేను కూర్చున్నట్టు.

"మూడింటికి పంపావు, నిద్ర పట్టట్లేదా?" అని అడిగి ఉంటే చాలేది. జోకు నవ్వు తెప్పించేదే కాబట్టి నవ్వి, దాని వెనకే ఆ ఒక్క లైన్ పెట్టాల్సింది.

ఆ దెబ్బతో నేను రెండో వైపుకి ఒరిగిపోయాను. ఒక స్నేహితురాలు, ఆఫీసు మెయిల్ చూసి సోఫా వెనక దాక్కున్న కుక్క మీమ్ పంపితే, "అంతా బాగానే ఉందా? ఏమైనా టెన్షన్‌లో ఉన్నావా?" అని అడిగాను. "నవ్వు రాలేదా?" అంది. మట్టసంగా సారీ చెప్పాను. ఆవిడే ఇంకో రోజు ఇంకా పెద్ద మాట అంది. "నువ్వు పంపే లింకులు బాగుంటాయి గానీ, ప్రతిదాని కిందా ఒక ప్రశ్న ఉంటుంది. హోంవర్క్ ఇచ్చినట్టుంది."

మొదటి రెండేళ్లు అందరికీ నేను చేసిన బోధ సరిగ్గా అదే, లింక్ కింద ప్రశ్న లేకుండా పంపొద్దని. ఇప్పుడు అంత గట్టిగా అనను. ఎందుకు పంపుతున్నానో ఒక లైన్ మాత్రం రాస్తాను, "ఈ పాటలో నవ్వు నీ నవ్వులా ఉంది" లాంటిది. ప్రశ్న ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఆవిడకైతే ఒక్కోసారి ఆ లైన్ కూడా రాయను. ఉత్త మీమ్ పంపుతాను, ఆవిడ ఉత్త మీమ్ పంపుతుంది. పెంగ్విన్‌లు జతకి గులకరాళ్లు తెచ్చి ఇచ్చినట్టే ఇదీనని ఇంటర్నెట్‌లో కొందరు దీనికి "పెబ్లింగ్" అని పేరు పెట్టారు. రాయి ఇచ్చాక పెంగ్విన్ ఏమీ అడగదు కాబట్టి మా ఇద్దరికీ ఆ పోలిక బాగానే సరిపోయింది. ఇలా మాట లోతుకు వెళ్లదనే మాట నిజమే. కానీ తెగిపోదు.

మీకు పనికొస్తుందా అంటే, నా లెక్క వేరు. నాకు ఫోన్‌లో మాట్లాడటం కంటే రాయడం సులువు. రాత్రుళ్లు ఆలస్యంగా పడుకుంటాను. ఈ అలవాటు నిజంగా సాగుతున్నది ముగ్గురితోనే. గ్రూపుల్లో ప్రయత్నించాను, నా 134వ సెకను పది గుడ్ మార్నింగ్‌ల కింద పూడుకుపోయింది. టైప్ చేయడం ఇష్టంలేని మనిషైతే లింక్ పంపడం కంటే నేరుగా ఫోన్ చేయడం మేలు. ఆ రోజు నేను చేయాల్సిందీ అదేనేమో, ఇప్పటికీ తేల్చుకోలేదు.

వాడికి వేరే ఉద్యోగం దొరికింది. ఈ మధ్య వాడూ సెకన్లు తగిలించి పంపడం నేర్చుకున్నాడు. మొన్న రాత్రి ఒకటి వచ్చింది, కింద ఒక్క అక్షరం కూడా లేదు. పాట తెరవడం కంటే ముందు టైము చూశాను. 9:40. సరేలే అనుకుని విన్నాను. ఎవరో ఇంట్లో ఫోన్‌తో రికార్డు చేసిన గొంతు. మొదటి పదం కంటే ముందు, గట్టిగా తీసుకున్న ఊపిరి.