హోర్ముజ్, బాబ్ ఎల్ మందెబ్, మలక్కా: ఏది మూసుకుంటే ఎక్కువ దెబ్బ?

చిత్తూరు తోతాపురి గుజ్జు చెన్నై రేవులో ఓడెక్కి యూరప్‌కు వెళ్లాలంటే ఎర్ర సముద్రం మొదట్లో ఉన్న బాబ్ ఎల్ మందెబ్ జలసంధి దాటాలి. దుబాయ్‌కో దమ్మాంకో అయితే హోర్ముజ్, జపాన్‌కు అయితే మలక్కా. ఈ మూడింట్లో ఏది ప్రమాదకరం అని అడిగితే చాలామంది మ్యాపు చూసి ఇరుకైనదాన్ని చూపిస్తారు. ఆ లెక్కన మలక్కాదే మొదటి స్థానం. సింగపూర్ దగ్గర ఫిలిప్స్ చానెల్లో అది 2.8 కిలోమీటర్లే. బాబ్ ఎల్ మందెబ్ సుమారు 30, హోర్ముజ్ సుమారు 33. నన్నడిగితే దెబ్బ లెక్క సరిగ్గా దీనికి తిరగబడుతుంది.

ఎందుకంటే చూడాల్సింది వెడల్పు కాదు, చుట్టుదారి. తిరుమలకు రెండు ఘాట్ రోడ్లు ఉన్నాయి కాబట్టి ఒకదానిమీద కొండచరియ పడినా దర్శనాలు ఆగవు, ఆలస్యమవుతాయంతే. మలక్కాదీ అదే పరిస్థితి. అది మూస్తే ఇండోనేషియాలోని లోంబోక్ ఉంది, లోతు కూడా ఎక్కువే. మలక్కాలో పట్టనంత పెద్ద ట్యాంకర్లు మామూలు రోజుల్లోనే అటు తిరుగుతాయి. అదనంగా అయ్యేది కొద్దిరోజుల ఇంధనం, కిరాయి. మన నేవీకి గ్రేట్ నికోబార్‌లో, మలక్కాకు వెళ్లే దారి పక్కనే ఐఎన్ఎస్ బాజ్ ఉంది. దాంతో మలక్కా మీదుగా వెళ్లే చైనా సరుకును ఆపి దాని గొంతు పట్టుకోవచ్చని టీవీ చర్చల్లో సులువుగా అనేస్తారు. ఎవరు వెళ్తున్నారో చూడటానికి అది మంచి చోటే. ఆపడం వేరే సంగతి. ఓడ ఒక దేశానిది, జెండా మరో దేశానిది, కంటెయినర్లలో పది దేశాల సరుకు. ఏది శత్రువుదని తేల్చి పక్కకు లాగుతారు?

బాబ్ ఎల్ మందెబ్ సంగతి ఊహించనక్కర్లేదు, కళ్లారా చూశాం. 2023 నవంబర్ నుంచి యెమెన్‌లోని హూతీలు ఓడల మీద డ్రోన్లు, మిసైళ్లు వదిలారు. జలసంధిని ఎవరూ అధికారికంగా మూయలేదు, దాటిన ఓడల్లో ఎక్కువ క్షేమంగానే దాటాయి. అయినా యుద్ధ బీమా ప్రీమియం పెరిగింది. పెద్ద కంటెయినర్ కంపెనీలు ఆఫ్రికా దక్షిణ కొస చుట్టూ తిరిగాయి. అంటే పది నుంచి పద్నాలుగు రోజులు అదనం. గుజ్జు ఎసెప్టిక్ డ్రమ్ముల్లో ఉంటుంది కాబట్టి ఆ రోజులకు చెడిపోదు. చెడేది డబ్బు లెక్క. కిరాయి పెరుగుతుంది, బిల్లు సొమ్ము ఆలస్యమవుతుంది, ఖాళీ కంటెయినర్లు తిరిగి చెన్నైకి చేరవు. కాయ కోతకొచ్చే సీజన్లో ఇంత కన్నా టెన్షన్ ఏముంటుంది? ఇంకో సంగతి, హూతీలు ఆ దారిన అమ్ముకునేది పెద్దగా ఏమీ లేదు. అందుకే దాన్ని మూసినా వాళ్లకు నష్టం లేదు.

ఇక హోర్ముజ్. ఓడలకు గీసిన దారులు రాకకొకటి, పోకకొకటి, ఒక్కోటి రెండు నాటికల్ మైళ్ల వెడల్పు. 2024లో దీనిగుండా రోజుకు సుమారు 2 కోట్ల బ్యారెళ్ల చమురు వెళ్లింది. ప్రపంచం వాడే దాంట్లో దాదాపు ఐదో వంతు అది. దీనికి సముద్రంలో చుట్టుదారే లేదు, లోపలున్నది సంచిలాంటి గల్ఫ్. సౌదీకి ఎర్ర సముద్రం దాకా, ఎమిరేట్స్‌కు హోర్ముజ్ బయటున్న ఫుజైరా రేవు దాకా పైపులైన్లు ఉన్నాయి గానీ రెండూ నిండా నడిపినా ఆ చమురులో సగం పట్టవు. ఖతార్ గ్యాసుకు ఆ పైపులూ లేవు. మన వంటగ్యాస్‌లో సగానికి పైగా దిగుమతే, దాంట్లో అత్యధిక భాగం ఈ దారిదే.

పైగా దీన్ని ఇబ్బంది పెట్టడానికి పెద్ద నౌకాదళం అక్కర్లేదు. 1988 ఏప్రిల్‌లో గల్ఫ్‌లో అమెరికా ఫ్రిగేట్ శామ్యూల్ బి. రాబర్ట్స్‌ను దాదాపు ముంచేసినంత పని చేసిన మైను డిజైన్ 1908 నాటిది. మైన్లు పరవడానికి ఒక రాత్రి చాలు, ఏరడానికి వారాలు పడుతుంది. ఒక్కటి దొరికినా ఇంకెన్ని ఉన్నాయో తెలియదు కాబట్టి బీమావాళ్లు ఓడను కదలనివ్వరు. ఈ జలసంధి ఉత్తరపు ఒడ్డున ఉన్నది ఇరాన్. దాన్ని వెనక్కి లాగేది ఒక్కటే: దాని సొంత చమురులో చాలా భాగం ఖార్గ్ ద్వీపం నుంచి బయలుదేరి ఇదే సందు దాటాలి.

కాబట్టి దేశానికైతే హోర్ముజ్ దెబ్బే పెద్దది. కానీ చిత్తూరు ఎగుమతిదారుడికి లెక్క వేరు. గల్ఫ్‌కు వెళ్లే డ్రమ్ములను హోర్ముజ్ బయటే ఖోర్ ఫక్కాన్‌లోనో ఒమన్‌లోని సోహార్‌లోనో దించి లారీల్లో దుబాయ్ చేర్చొచ్చు. చమురుకు ఆ వీలు లేదు, డ్రమ్ముకు ఉంది. యూరప్ సరుకుకు మాత్రం అలాంటి అడ్డదారి లేదు. అందుకే గల్ఫ్ ఆర్డరులో ప్రత్యామ్నాయ రేవు పేరు రాయించుకోవాలి, యూరప్ ఆర్డరులో పెరిగే కిరాయి ఎవరి నెత్తిన పడుతుందో ముందే రాయించుకోవాలి.