గ్లాస్‌డోర్ అంకె, లెవెల్స్ అంకె, ప్రకటనలోని రేంజ్: ఏది మేలు?

మా తమ్ముడికి ఆరేళ్ల అనుభవం ఉంది. స్టాక్ మార్కెట్లో లిస్టయిన ఒక కంపెనీ డేటా ఇంజినీర్‌గా ఆఫర్ ఇచ్చింది. ఆ రాత్రే ఫోన్ చేశాడు. "అక్కా, వీళ్లు నాకిచ్చే దానికన్నా మార్కెట్ 18 శాతం ఎక్కువ ఉంది. గ్లాస్‌డోర్‌లో చూశాను. Levels.fyiలో అయితే ఇంకా ఘోరం, యాభై శాతం తేడా!" రెండూ ఉద్యోగులే తమ జీతాలు నింపే వెబ్‌సైట్లు.

లెక్క తేలికగా ఉండాలని వాడి ఆఫర్‌లోని ఫిక్స్‌డ్ జీతాన్ని 100 అనుకుందాం. దానిపైన ఏడాదికి 10 బోనస్, నాలుగేళ్లలో చేతికొచ్చేలా 60 విలువైన షేర్లు, అంటే ఏడాదికి 15. మొత్తం 125. అదే కంపెనీకి, అదే ఉద్యోగానికి గ్లాస్‌డోర్ 118 అంది, లెవెల్స్ 150 అంది. తమ్ముడు తన 100ని ఆ రెండింటి పక్కనా పెట్టి టెన్షన్ పడుతున్నాడు.

ముందు గ్లాస్‌డోర్ సంగతి. పైన పెద్దగా కనిపించే అంకె చాలాసార్లు మొత్తం చెల్లింపు, అంటే ఫిక్స్‌డ్ మీద బోనస్ లాంటివి కలిపింది. కింద విడగొట్టి చూస్తే 118లో 106 ఫిక్స్‌డ్, మిగతా 12 అదనం. కాబట్టి వాడు పోల్చాల్సింది 100ని కాదు, బోనస్ కలిపిన 110ని. 18 శాతం తేడా అక్కడే 7 శాతానికి దిగిపోయింది.

ఇక ఆ 118 వెనక ఉన్నది 41 మంది ఇచ్చిన వివరాలు. వాళ్లందరి హోదా పేరు 'డేటా ఇంజినీరే'. కానీ చాలా కంపెనీల్లో రెండేళ్లవాడికీ పదేళ్లవాడికీ అదే పేరు ఉంటుంది, గ్రేడ్ మాత్రమే మారుతుంది. పేరును బట్టి పోగుచేసిన సగటులో ఆ గ్రేడ్లన్నీ కలిసిపోతాయి. పేజీలో చూపించిన రేంజ్ 92 నుంచి 146 దాకా ఉందంటే మార్కెట్ అంత ఊగిసలాడుతోందని కాదు, రెండు మూడు గ్రేడ్లు ఒకే సంచిలో పడ్డాయని అనుమానించాలి. అనుభవం ఫిల్టర్ పెడితే కొంత నయం. అయితే ఫిల్టర్ పెట్టేకొద్దీ మిగిలే మనుషులు తగ్గిపోతారు.

ఇంకో చిక్కుంది. మిగతావాళ్ల జీతాలు పూర్తిగా చూడాలంటే ముందు మన వివరాలేవో ఇవ్వమని గ్లాస్‌డోర్ అడుగుతుంది. డేటా పోగుపడటానికి అది మంచి ఉపాయమే. కానీ తలుపు తెరుచుకుంటే చాలనుకునేవాడు గుర్తున్న అంకెను గుండ్రంగా కొట్టేసి లోపలికి వెళ్లిపోతాడు.

లెవెల్స్ తీరు వేరు. అక్కడ కంపెనీ గ్రేడే ప్రధానం, ఒక్కొక్కరి వివరం ఒక్కో వరుసగా కనిపిస్తుంది. ఫిక్స్‌డ్, షేర్లు, బోనస్ విడివిడిగా, అనుభవం, ఆ కంపెనీలో ఎన్నేళ్లు, తేదీ అన్నీ ఉంటాయి. అందుకే నాకు ఇదే ఇష్టం. కాకపోతే పైనున్న అంకెను వదిలేసి వరుసల్లోకి దిగాలి. మేమిద్దరం స్క్రీన్ ముందు కూర్చుని తమ్ముడి గ్రేడులో గత ఏడాదిన్నరవి మాత్రమే ఏరితే ఐదు వరుసలు మిగిలాయి. మొత్తాలు: 124, 129, 133, 152, 174.

174 వరుసలో ఫిక్స్‌డ్ 112, షేర్లు 30, బోనస్ 32. మిగతా అందరికీ బోనస్ 10, 11 దగ్గర ఉంటే ఈయనకి 32 ఎలా? చేరిన ఏడాది ఒక్కసారి ఇచ్చే జాయినింగ్ బోనస్‌ను అందులో కలిపేసి ఉంటారు. పైగా అనుభవం పదకొండేళ్లు. 152 వరుస మనిషి ఆ కంపెనీలో నాలుగేళ్లుగా ఉన్నాడు, ఏడాదికి షేర్లు 33. చేరినప్పుడు ఇచ్చిన షేర్ల ధర పెరిగి ఉండొచ్చు, ఏటా ఇచ్చే కొత్త షేర్లు వాటి మీద చేరి ఉండొచ్చు. అది ఆయన అందుకుంటున్న డబ్బే, అబద్ధం కాదు. కానీ కొత్తగా చేరేవాడికి కంపెనీ ఇచ్చే ఆఫర్ మాత్రం అది కాదు.

షేర్ల గడిలో ఇంకో మాయ ఉంది. నాలుగేళ్ల షేర్లను నాలుగుతో భాగిస్తే వచ్చేదొకటి, మొదటి ఏడాది నిజంగా చేతికొచ్చేదొకటి. అమెజాన్ చాలాకాలం వాడిన పద్ధతిలో మొదటి ఏడాది 5 శాతం, రెండో ఏడాది 15, ఆ తర్వాత రెండేళ్లూ 40 చొప్పున వచ్చేవి. మొదటి రెండేళ్ల లోటును నగదు బోనస్‌తో పూడ్చేవారు. అలాంటి చోట ఒకరు సగటు వేసి, ఇంకొకరు ఆ ఏడాదిది వేస్తే, ఒకే ఆఫర్ రెండు వేర్వేరు జీతాలుగా కనిపిస్తుంది.

ఈ మధ్యే చేరినవాళ్లవి మూడు వరుసలే మిగిలాయి: 124, 129, 133. వాటిలో ఫిక్స్‌డ్ 100, 103, 106. తమ్ముడి 125 వాటి పక్కన పెడితే అడుగు వైపున ఉంది, అంతే. మోసం కాదు, పెంచమని అడగొచ్చు. ముగ్గురి లెక్కను మార్కెట్ అనడానికి నాకూ మనసొప్పలేదు. టెక్ కంపెనీలు కాకపోతే లెవెల్స్‌లో ఆ ముగ్గురు కూడా దొరకడం కష్టం. అక్కడ ఎన్ని లోపాలున్నా గ్లాస్‌డోరే దిక్కు.

మూడోది, జనం నింపనిది: ఉద్యోగ ప్రకటనలోని రేంజ్. అమెరికాలో కొలరాడో 2021 జనవరి నుంచీ, న్యూయార్క్ నగరం 2022 నవంబర్ నుంచీ, కాలిఫోర్నియా, వాషింగ్టన్ రాష్ట్రాలు 2023 జనవరి నుంచీ దీన్ని ప్రకటనలో రాయాలని చట్టం చేశాయి. చట్టం లేనిచోట కూడా కొన్ని కంపెనీలు రాస్తాయి. తమ్ముడి ఉద్యోగానికి ఫిక్స్‌డ్ 95 నుంచి 125 అని ఉంది. వాడు 125 చూసి కళ్లు పెద్దవి చేశాడు. పై కొస మీద మనిషిని తీసుకుంటే ఆ గ్రేడులో ఇక పెంచడానికి జాగా ఉండదు కాబట్టి, కొత్తవాళ్లను చాలావరకు మధ్య అంకె కిందే తీసుకుంటారు. ఇక్కడ మధ్య అంకె 110.

బేరానికి నేనైతే దీన్నే ముందు పెడతాను. హెచ్‌ఆర్ వాళ్లు మెర్సర్, రాడ్‌ఫర్డ్ లాంటి జీతాల సర్వేలు కొనుక్కుంటారు. వాటికి డేటా ఇచ్చేది కంపెనీలే, అదీ ఉద్యోగాన్ని గ్రేడుకు సరిపోల్చి. అందుకే "గ్లాస్‌డోర్‌లో 118 ఉంది" అంటే, "మేం ఆ డేటా చూడమండీ" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. తమ ప్రకటనలో తామే రాసుకున్న రేంజ్‌ను మాత్రం కాదనలేరు. అయితే రేంజ్ మరీ వెడల్పుగా, కింది కొసకు రెట్టింపు దాకా ఉంటే దానితో పెద్దగా పనిలేదు.

కాబట్టి ఎంత అడగాలో లెవెల్స్ వరుసలు చెప్పాయి, ఎలా అడగాలో ప్రకటన చెప్పింది. గ్లాస్‌డోర్ ఈసారి ఫోన్ చేయించడానికి మాత్రమే పనికొచ్చింది. తమ్ముడు ఇలా రాశాడు: "ఈ గ్రేడుకు మీ రేంజ్ మధ్య అంకె 110. నా అనుభవానికి ఫిక్స్‌డ్ 107 చేయగలరా?" నాలుగు రోజుల తర్వాత 104 ఇచ్చారు, ఒక్కసారికి 5 జాయినింగ్ బోనస్ కలిపారు.

చేరిన వారానికి వాడు లెవెల్స్‌లో తన వివరాలు నింపుతుంటే పక్కనే ఉన్నాను. ఫిక్స్‌డ్ 104, షేర్లు 15. బోనస్ గడిలో 15 కొట్టి సబ్మిట్ నొక్కేశాడు.