దాచిన డబ్బా, అంకెలున్న డబ్బా: బరువు తగ్గించే సప్లిమెంట్లలో ఏది మేలు?

అమెరికా నుంచి చుట్టాలు తెచ్చే బరువు తగ్గించే డబ్బాల పేర్లలో స్లిమ్, బర్న్, మ్యాట్రిక్స్, ఎనర్జీ అనే మాటలే అటూ ఇటూ మారుతుంటాయి. ఆ పేర్లను బట్టి లోపల ఏముందో తెలియదు. కాబట్టి డబ్బాను తిప్పి, వెనుక వైపు చూద్దాం. ఊహించుకున్న రెండు లేబుళ్లు తీసుకుంటాను. వాడబోయేది 45 ఏళ్ల మహిళ అనుకుందాం. ఆమె థైరాయిడ్‌కు థైరాక్సిన్, రక్తపోటుకు ఆమ్లోడిపిన్ వేసుకుంటున్నారు.

మొదటి డబ్బా మీద ‘ప్రొప్రయిటరీ బ్లెండ్ 1500 మి.గ్రా.’ అని ఉంది. దాని కింద వరుసగా గ్వారానా సారం, గ్రీన్ టీ సారం, బిట్టర్ ఆరెంజ్, గార్సీనియా. ఏది ఎంతో లేదు. అక్కడి చట్టం ప్రకారం ఇలా మొత్తం బరువు మాత్రమే చూపవచ్చు. అయితే ఎక్కువ బరువున్న పదార్థాన్ని ముందు రాయాలి. దీన్ని పట్టుకుని లెక్క వేద్దాం. నాలుగింటిలో మొదటిది గనుక గ్వారానా కనీసం 375 మి.గ్రా. ఉండాలి. గరిష్ఠంగా 1400 కూడా ఉండవచ్చు. గ్వారానా అంటే కెఫీనే. సారంలో 22 శాతం కెఫీన్ ఉందనుకుంటే ఒక మోతాదులో 82 నుంచి 308 మి.గ్రా. దాకా వస్తుంది. రోజుకు రెండు మోతాదులంటే పై లెక్కన 600 దాటుతుంది. ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజుకు సుమారు 400 మించవద్దని సాధారణంగా చెబుతారు. పైగా బిట్టర్ ఆరెంజ్‌లో సినెఫ్రిన్ ఉంటుంది. కెఫీన్‌తో కలిస్తే అది గుండె వేగాన్ని, రక్తపోటును పెంచవచ్చు. ఆమ్లోడిపిన్ వేసుకునే మనిషికి ఇది ఒకవైపు తగ్గిస్తూ మరోవైపు పెంచుకోవడమే. ఎంత అనుభవజ్ఞుడైన ఫార్మసిస్టు అయినా ఈ లేబుల్‌ను చూసి ఇంతకంటే కచ్చితంగా చెప్పలేరు. నా దృష్టిలో దాన్ని పక్కన పెట్టడానికి ఆ ఒక్క కారణం చాలు.

రెండో డబ్బా మీద అన్నిటికీ అంకెలున్నాయి: కెఫీన్ 100 మి.గ్రా., గ్రీన్ టీ సారం 300 మి.గ్రా. (అందులో 45 శాతం ఇజీసీజీ అనే గ్రీన్ టీ పదార్థం), ఐరన్ 14 మి.గ్రా., బయోటిన్ 5 మి.గ్రా. అయితే సన్నటి అక్షరాలను చదవండి: ఈ అంకెలు ఒక గుళికకా, మూడు గుళికలు కలిపిన ఒక మోతాదుకా? ఒక మోతాదుకే అనుకుందాం. అప్పుడు ఇజీసీజీ 135 మి.గ్రా. రోజుకు 800 మి.గ్రా., ఆపైన తీసుకున్నవారిలో కాలేయ ఎంజైములు పెరిగినట్లు ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో గుర్తించింది. మన లెక్క దానికి చాలా దూరంలోనే ఉంది. అయినా మూత్రం ముదురు రంగుకు మారినా, కళ్లు పచ్చబడినా వెంటనే ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

అంకెలున్నాయి కదా అని దీన్ని నేరుగా మింగవచ్చా? ఈమె మింగకూడదు. ఐరన్ థైరాక్సిన్‌ను పేగులోనే పట్టేస్తుంది, కాబట్టి రెండింటి మధ్య నాలుగు గంటలు ఎడం ఉండాలి. బయోటిన్‌తో వచ్చే చిక్కు మరో రకం. అంత మోతాదులో అది కొన్ని ప్రయోగశాలల పరీక్షలో టీఎస్‌హెచ్‌ను ఉన్నదానికంటే తక్కువగా చూపుతుంది. ఆ రిపోర్టు చూసిన డాక్టర్ థైరాయిడ్ మాత్ర మోతాదు తగ్గించేస్తారు, జబ్బు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు బయోటిన్ ఆపాలన్న సంగతి ఆమెకు తెలియాలి. కౌంటరులో సరుకు అందించే కుర్రాడిని కాకుండా రిజిస్టర్డ్ ఫార్మసిస్టును అడగాల్సింది ఇలాంటివే. లేబుల్ వెనుక వైపు ఫోటోతో పాటు ఇంట్లో వాడే మందులన్నిటినీ తీసుకెళ్లండి. రోజూ తాగే కాఫీల లెక్క కూడా చెప్పండి.

మూడో రకమూ ఉంది. లేబులే లేని, లేదా ‘పూర్తిగా మూలికలే’ అన్న పేరుతో అమ్మే గుళికలు. వీటిలో ఆకలిని అణిచే సిబుట్రమిన్ అనే మందు కలిపి అమ్మిన ఉదంతాలు అనేక దేశాల్లో పదేపదే బయటపడ్డాయి. గుండెపోటు, పక్షవాతం ముప్పు పెంచుతోందని ఆ మందును 2010లో అమెరికా మార్కెట్ నుంచి తొలగించారు, మన దేశం 2011లో నిషేధించింది. గుళిక వేసుకున్న రెండు మూడు రోజులకే ఆకలి మాయమై, నోరు ఎండి, నిద్ర పట్టకపోతే ‘భలే పని చేస్తోంది’ అని సంతోషించకండి. మూలికలు అంత తొందరగా అలా చేయడం అనుమానించాల్సిన విషయం. దీన్ని లేబుల్ చూసి పట్టలేము, ప్రయోగశాల కావాలి. ‘మందులా పనిచేస్తుంది, దుష్ప్రభావాలు సున్నా’ అని రాసి ఉంటే నేను కొనను. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్ సంఖ్యలోని 14 అంకెలు కనిపించినా అది తయారీదారుకు అనుమతి ఉందని చెబుతుందే కాని, ఆ గుళికను పరీక్షించారని కాదు.

అంటే మూడింటిలో రెండోదే మేలు. కాని ఈ మహిళ విషయంలో నేనైతే బయోటిన్, ఐరన్ లేనిది చూడమంటాను, కెఫీన్‌కైతే ఆమె తాగే ఫిల్టర్ కాఫీయే చాలు. ఇప్పటికే ఏదో వేసుకుని గుండె దడ వస్తుంటే డబ్బా పారేయకుండా డాక్టర్‌కు చూపించాలి. దుష్ప్రభావాన్ని 1800-180-3024 నంబరుకు ఫోను చేసి నమోదు చేయించవచ్చు.