నష్టాల్లో ట్రేడ్ సైజు: అలాగే ఉంచాలా, తగ్గించాలా?

ఒక్కో ట్రేడ్‌లో ఖాతాలో 1 శాతం రిస్క్ తీసుకునేవాళ్ల 5 లక్షల ఖాతా 4.5 లక్షలకు పడిందనుకుందాం.

రిస్క్: 1 శాతమే కొనసాగిస్తే ఇంకో 10 వరుస నష్టాలకు సుమారు 4.07 లక్షలు మిగులుతాయి. అర శాతానికి తగ్గిస్తే 4.28 లక్షలు.

ఖర్చు: తగ్గించినవాళ్లు కోలుకోవడానికి దాదాపు రెట్టింపు లాభాల ట్రేడ్‌లు కావాలి. అందుకే సగం నష్టం పూడి 4.75 లక్షలకు చేరాక 0.75 శాతం, పాత గరిష్ఠం దాటాకే 1 శాతం. కోత పెట్టిన 4.5 లక్షల దగ్గరే పెంచితే సైజు రోజూ ఊగుతుంది.

శ్రమ: పాత గరిష్ఠాన్ని రాసిపెట్టుకుంటే చాలు. ఒకే లాట్‌తో ఫ్యూచర్స్ ఆడేవాళ్లకు మాత్రం సగం లాట్ దొరకదు.

ట్రెండ్ సిస్టమ్‌లో పెద్ద లాభం తరచూ నష్టాల వరస తర్వాతే వస్తుంది. బాగా పరీక్షించినదైతే స్థిర సైజే నయం. సొంత అంచనాతో ట్రేడ్ చేసేవాళ్లు, సిస్టమ్ పాడైందేమోనని అనుమానమున్నవాళ్లు తగ్గించాల్సిందే.