పాత ఉర్దూ గజల్ పేజీకి ‘లయ’ కన్నా ‘అర్థం’ నయం: చాలాకాలం వాడాక నా మాట

ఈ ఫొటో అనువాదం యాప్‌కి మొదట్లో ఐదు స్టార్లు ఇచ్చి, ‘పేజీ ఫొటో తీస్తే తెలుగులో పాటే వచ్చేస్తోంది’ అని రాశాను. పాట వస్తుందన్నది ఇప్పటికీ నిజమే. అది ఆ పేజీలో ఉన్న పాటేనా అన్నదే ఇప్పుడు నా గొడవ.

యాప్ ఏమేం చేస్తుందో అందరికీ తెలుసు, అదంతా వదిలేస్తున్నాను. కవిత్వం పేజీ అని గుర్తుపడితే కింద రెండు బటన్లు వస్తాయి, మాటకి మాట పెట్టే ‘అర్థం’ అని ఒకటి, పాడుకునేలా తూగుతో రాసిచ్చే ‘లయ’ అని ఒకటి. నేను మాట్లాడేది వాటి గురించే. కొన్నాళ్లుగా మనం ఏదీ నొక్కకపోయినా ముందు ‘లయ’ తెరుచుకుంటోంది. నా కోపమంతా అక్కడే.

నేను ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత ఉర్దూ పుస్తకాలు ఏరుకుంటాను. చిక్కడపల్లిలో మేం కొంతమందిమి కలిసి గజల్స్ పాడుకుంటాం, వాటికోసం. ఉర్దూ అక్షరాలు కూడబలుక్కుని చదవగలను కానీ పేజీ మొత్తం గబగబా చదివే శక్తి లేదు. అందుకే ఈ యాప్.

యాప్ ఎంతవరకు నమ్మకస్తురాలో తెలుసుకోవాలంటే బాగా తెలిసిన గజల్‌తోనే చూడాలి. మన ఊరు కట్టించిన మొహమ్మద్ కులీ కుతుబ్‌షాదే తీసుకున్నాను. 1591లో హైదరాబాద్‌కి పునాది వేసిన ఆ రాజు దక్కనీలో, అంటే మన దక్కన్ పాత ఉర్దూలో, రాసిన గజల్ మొదటి రెండు పాదాలు ఇవి:

పియా బాజ్ ప్యాలా పియా జాయె నా
పియా బాజ్ యక్ తిల్ జియా జాయె నా

‘ప్రియుడు లేకుండా ప్యాలా తాగడం నావల్ల కాదు, ప్రియుడు లేకుండా నువ్వుగింజంత సేపైనా బతకడం నావల్ల కాదు’ అని భావం.

రాత్రి ట్యూబ్‌లైటు కింద ఫొటో తీశాను. ‘లయ’లో ఇలా వచ్చింది:

ప్రియుడు లేనిదే మధువు రుచించదు
ప్రియుడు లేనిదే సిగ్గు వీడదు

చదవడానికి ఎంత హాయిగా ఉందో చూడండి. తెలియనివాళ్లు ‘ఆహా’ అని పాడేసుకుంటారు. కానీ మూలంలో సిగ్గు అన్న మాటే లేదు. అదే ఫొటో మీద ‘అర్థం’ నొక్కితే ఇది వచ్చింది:

ప్రియుడు పన్ను పాత్ర తాగబడదు
ప్రియుడు పన్ను ఒక నువ్వుగింజ సిగ్గు పోదు

ఇది చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. ప్రియుడికీ పన్నుకీ సంబంధమేమిటని ఆగి, పుస్తకం మళ్లీ తెరుస్తారు. ‘అర్థం’లో నాకు నచ్చింది ఇదే. తప్పు చదివితే ఆ తప్పు బయటికి కనిపిస్తుంది. ‘లయ’ అదే తప్పుని నున్నగా చెక్కి చేతిలో పెడుతుంది.

ఇందులో ఉన్నవి రెండు వేర్వేరు తప్పులు. ‘జియా’ అన్న మాట జీమ్ అక్షరంతో మొదలవుతుంది. దాని కింద చుక్క ఉంటే జీమ్, ఆ చుక్క పోతే అది ‘హే’ అవుతుంది. అప్పుడు ‘జియా’ కాస్తా ‘హయా’ అయిపోతుంది, అంటే సిగ్గు. పుస్తకం మధ్య కుట్టు దగ్గర కాగితం వంగి, నీడపడి ఆ చుక్క కలిసిపోయింది. మర్నాడు పొద్దున బాల్కనీలో పేజీని చదునుగా పరిచి, ఫోన్‌ని నేరుగా పైనుంచి పట్టుకుని తీస్తే ‘సిగ్గు’ పోయి ‘బతకడం’ వచ్చింది. పాత కాగితం మీది గోధుమరంగు మరకలు దీనికి ఎదురుపని చేస్తాయి, లేని చుక్కలు పుట్టిస్తాయి. పల్చటి కాగితమైతే వెనకవైపు అచ్చు కూడా ఇటు కనిపించి చుక్కలా దిగుతుంది. ఆ పేజీ కింద ఒక నల్ల అట్ట పెడితే చాలావరకు తగ్గింది.

‘పన్ను’ మాత్రం ఎండలో తీసినా కదల్లేదు. మా పక్కవీధిలో ఉర్దూ లెక్చరర్‌గా రిటైరైన పెద్దాయన ఉన్నారు, ఆయనకి చూపించాను. “అది పన్నే అమ్మా, ఫార్సీ నుంచి వచ్చిన ‘బాజ్’కి ఆ అర్థమే. కానీ ఈయన రాసింది దక్కనీ. పాత దక్కనీలో ‘బాజ్’ అంటే ‘లేకుండా’. ఇప్పటి ఉర్దూ చదివినవాళ్లకి కూడా ఇది చెప్పాల్సిందే,” అన్నారు. అంటే యాప్ అక్షరాలు సరిగ్గానే చదివింది, మాటే దానికి తెలియదు. అప్పటినుంచి అనుమానం వచ్చిన మాటకి ఇంకో వెలుతురులో ఇంకో ఫొటో తీస్తున్నాను. మాట మారితే అది చుక్కల గొడవ. మారకపోతే యాప్ దగ్గర ఆ మాట లేదని అర్థం, అప్పుడు పెద్దాయన ఇంటికి వెళ్లాలి.

‘లయ’కి ‘లేనిదే’ ఎలా దొరికిందని అడుగుతారేమో. చుట్టూ ఉన్న మాటల్ని బట్టి ఊహించినట్టుంది. ఆ ఊహ ఒకచోట కుదిరింది, ‘సిగ్గు’ దగ్గర కుదరలేదు, రెండూ ఒకే ధీమాతో చూపించింది. ఏది చదివిందో, ఏది ఊహించిందో ఒక గీతైనా గీసి చెప్పదు.

ఇది తెలిసిన గజల్ కాబట్టి సరిపోయింది. తెలియని గజల్‌లో ఎలా పట్టుకోవడం? ఛందస్సు చూస్తే చాలనుకోవద్దు, ఇక్కడ అది దొరకనివ్వదు. ‘జియా’ ఒక లఘువు, ఒక గురువు. ‘హయా’ కూడా అంతే. పాడుకుంటే ఎక్కడా తట్టదు. పట్టించేది కాఫియా. గజల్‌లో రెండేసి పాదాల జతని షేర్ అంటారు. రదీఫ్ అంటే ప్రతి షేర్ చివరా మారకుండా వచ్చే మాట, ఇక్కడ ‘జాయె నా’. దానికి ముందు ప్రాసగా కుదరాల్సింది కాఫియా. ఈ గజల్‌లో ‘పియా, జియా, కియా, దియా’ అని నడుస్తుంది. వాటి మధ్య ‘హయా’ వస్తే ‘ఇ’ పోయి ‘అ’ వచ్చింది, వరస తప్పింది. నాలాగా కూడబలుక్కుని చదివేవాళ్లు కూడా పాదాల చివరి మాటలు మాత్రం వేలుపెట్టి చదువుకోవచ్చు.

రదీఫ్ ఇంకో పనికి కూడా వస్తుంది. ఉర్దూ పుస్తకాల్లో షేర్‌లోని రెండు పాదాల్నీ చాలాసార్లు పక్కపక్కనే అచ్చువేస్తారు, మొదటిది కుడివైపు, రెండోది ఎడమవైపు. యాప్ ఒక్కోసారి దాన్ని వార్తాపత్రిక అనుకుని కుడివైపు వరస మొత్తం చదివేసి, తర్వాత ఎడమవైపు వరసకి వెళ్తుంది. అప్పుడు ఒక షేర్ మొదటి పాదం ఇంకో షేర్ మొదటి పాదంతో జతకడుతుంది. ‘లయ’లో ఇది కూడా కనపడదు, ఏ రెండు పాదాలనైనా అతికేస్తుంది. రదీఫ్ మొదటి షేర్‌లో రెండు పాదాలకీ, ఆ తర్వాత రెండో పాదానికి మాత్రమే రావాలి. అది అంతా కింది సగంలో గుంపుగా కనిపిస్తే వరస తప్పినట్టే. ఒక్కో షేర్‌కీ విడిగా ఫొటో తీస్తే ఈ బాధ లేదు, కాస్త ఓపిక కావాలి, అంతే.

ఇక పద చిత్రాల సంగతి. ‘యక్ తిల్’ని ‘అర్థం’ ఒక నువ్వుగింజ అని పెట్టింది. కాలాన్ని నువ్వుగింజతో కొలవడం ఎంత ముచ్చటైన మాట! మన తెలుగుకి అచ్చంగా అతికే మాట కూడా. పగటి ఫొటోలో ‘లయ’ దాన్ని ‘క్షణమైనా’ చేసేసింది. లయ కోసమని నొక్కితే గింజని తీసేసి పొట్టు ఇచ్చింది. పైగా ఆ లయ మూలంలోది కాదు. ఏ గజల్ పెట్టినా ఇంచుమించు ఒకే తూగు, మన లలితగీతాల తూగు.

మూలం నడక తెలుగువాళ్లకి కొత్తది కాదు. ‘పియా బా, జ్ ప్యాలా, పియా జా, యె నా’ అని విడగొట్టి చూడండి. మూడు యగణాలు, ఆపైన ఒక లఘువు, ఒక గురువు. మన భుజంగప్రయాతం చివర ఒక్క గురువు తగ్గింది, అంతే! ఇది తట్టిన రోజు నా సంతోషం చెప్పలేను. ‘అర్థం’ ఇచ్చిన ముక్కలు పక్కన పెట్టుకుని, పెద్దాయన చెప్పిన ‘లేకుండా’ కలుపుకుని, నిండు భుజంగప్రయాతంలోనే కూర్చుకున్నాను:

తనే లేక పాత్రైన సేవించలేనే
తనే లేక నువ్వంత జీవించలేనే

‘లేనే’ రదీఫ్, ‘సేవించ, జీవించ’ కాఫియా, నువ్వుగింజ దాని చోట అదే ఉంది. పోయింది ఒకటే. మూలంలో ‘పియా’ అంటే ప్రియుడూ, ‘తాగడం’లోని తాగూ, ఒకే మాట రెండుసార్లు మెరుస్తుంది. తెలుగులో అది నాకు దొరకలేదు. యాప్‌లో ఏ బటన్‌కీ దొరకలేదు, దాన్ని తప్పుపట్టను.

కాబట్టి నా పద్ధతి ఇప్పుడు ఇలా మారింది. ముందు ‘అర్థం’, రెండు వెలుతురుల్లో. చివరి మాటలు నేను చదివి సరిచూసుకోవడం. అంతా కుదిరాక, పాడేటప్పుడు సభలో వాళ్లకి భావం ఒక్క వాక్యంలో చెప్పడానికి మాత్రం ‘లయ’ చూస్తాను, అందులో అప్పుడప్పుడు ఒక మంచి మాట దొరుకుతుంది. హిందీ పాటల పుస్తకాలకి ఇంత అవస్థ లేదు. దేవనాగరిలో చుక్కల మీద ఇంత బరువు లేదు, అక్కడ ‘లయ’ కూడా పర్వాలేదు.

ఐదు స్టార్లని మూడు చేస్తున్నాను. ‘అర్థం’ని మళ్లీ ముందు తెరిచేలా పెట్టి, ఊహించిన మాట కింద గీత గీస్తే నాలుగు ఇస్తాను. ఇదంతా నాలాగా సగం ఉర్దూ వచ్చి, పక్కవీధిలో దక్కనీ తెలిసిన మనిషి ఉన్నవాళ్ల లెక్క. అక్షరాలు అసలు రానివాళ్లు, అడగడానికి ఎవరూ లేనివాళ్లు పాత పుస్తకాల జోలికి దీంతో వెళ్లకండి, కొత్తగా కంప్యూటర్‌లో అచ్చైన ఉర్దూ పుస్తకాలతో మొదలుపెట్టండి. వాటిలో చుక్కలు స్పష్టంగా ఉంటాయి, ‘బాజ్’ లాంటి మాటలు కూడా అంతగా ఎదురుకావు.